వీర్య పరీక్ష రిపోర్టులో కనిపించేది మూడు నెలల కిందటి సంగతి

పెళ్లయి రెండేళ్లు దాటినా కడుపు పండకపోతే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ముందుగా ఆస్పత్రికి వెళ్లేది కోడలే. స్కానింగులు, రక్తపరీక్షలు, గర్భనాళాలు తెరుచుకుని ఉన్నాయా లేదా చూసే ఎక్స్‌రే దాకా అన్నీ ఆమెకే జరుగుతాయి. భర్త వీర్య పరీక్ష చివర్లో వస్తుంది, కొన్ని ఇళ్లలో అసలే రాదు. కానీ పిల్లలు ఆలస్యమవుతున్న జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. పైగా ఇద్దరికీ చేసే పరీక్షలన్నింటిలో తేలికైనది, నొప్పి లేనిది, కొన్ని వందల రూపాయల్లో అయిపోయేది ఈ వీర్య పరీక్షే. దాన్ని చివరికి నెట్టడం వల్ల ఆ ఆడమనిషికి అక్కర్లేని సూదులు, అక్కర్లేని మాటలు మిగులుతున్నాయి.

పరీక్ష చేయించుకున్నాక ఇంకో చిక్కు మొదలవుతుంది. కాగితం మీద ఒక అంకె పక్కన "తక్కువ" అని కనపడగానే మనిషి కుంగిపోతాడు. ఆ అంకె ఎలా వచ్చింది, ఏ రోజుల సంగతి చెబుతోంది, ఎంతవరకు నమ్మాలి అన్నది ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. దాన్ని అర్థం చేసుకోవడానికి ఒక మనిషిని ఊహించుకుందాం.

వయసు 31. దామరచర్ల దగ్గరి ఊరు. మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం చేసే మిల్లులో పని. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టే మిల్లు అది. ఊకతో మండే బాయిలర్‌కూ, ఆవిరి పట్టే తొట్లకూ మధ్య రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు అతను నిలబడి ఉంటాడు. పెళ్లయి రెండేళ్లు. భార్య వయసు 26, ఆమెకు నెలసరి క్రమంగానే వస్తుంది. మార్చి మధ్యలో అతనికి టైఫాయిడ్ వచ్చి ఎనిమిది రోజులు 103 డిగ్రీల జ్వరం కాసింది. ఏప్రిల్ నాలుగో వారంలో వీర్య పరీక్ష చేయించుకున్నాడు. రిపోర్టులో వచ్చినవి ఇవి: పరిమాణం 1.2 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 90 లక్షల కణాలు, ముందుకు సాగే కదలిక 14 శాతం, సరైన ఆకారం 3 శాతం.

ఈ అంకెలను దేనితో పోల్చాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన వీర్య పరీక్ష మార్గదర్శక పుస్తకం ఆరో కూర్పు ప్రకారం పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కణాలు, మొత్తం నమూనాలో 3 కోట్ల 90 లక్షలు, ముందుకు సాగే కదలిక 30 శాతం, సరైన ఆకారం 4 శాతం కింది హద్దులు. చాలా ల్యాబుల కాగితాల మీద ఇంకా 2010 నాటి హద్దులే, అంటే 1.5 మిల్లీలీటర్లు, కోటీ 50 లక్షలు, 32 శాతం అని ఉంటాయి. తేడా స్వల్పమే, దాని గురించి కంగారు అక్కర్లేదు.

కంగారు పెట్టేది ఆ హద్దుకు జనం చెప్పుకునే అర్థం. హద్దు దాటితే పిల్లలు పుడతారు, దాటకపోతే పుట్టరు అనుకుంటారు. ఆ హద్దును తీసిన పద్ధతి వేరు. కలిసి ఉండడం మొదలుపెట్టిన ఏడాదిలోపే భార్య గర్భం దాల్చిన మగవాళ్ల నమూనాలను తీసుకుని, వాళ్లను తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో నిలబెడితే, వంద మందిలో కింది నుంచి ఐదో మనిషి దగ్గర గీత గీశారు. అంటే ఆ గీత కింద ఉన్న ఐదుగురు కూడా తండ్రులైనవాళ్లే. అలాగే గీత పైన ఉన్నవాళ్లందరికీ హామీ ఏమీ లేదు. కణాలు తగ్గేకొద్దీ నెలనెలా గర్భం వచ్చే అవకాశం తగ్గుతుంది, అంతే. ఎక్కడో ఒక అంకె దగ్గర తలుపు మూసుకుపోదు.

ఆకారం సంగతి ఇంకా ఎక్కువ మందిని భయపెడుతుంది. "సరైన ఆకారం 3 శాతం" అంటే మిగతా 97 శాతం వంకరవని, పుట్టే పిల్లలు కూడా అలా పుడతారని కొందరు అనుకుంటారు. మనిషి వీర్యంలో కొలతకు సరిగ్గా సరిపోయే కణాలు ఎప్పుడూ కొద్దిగానే ఉంటాయి, అందుకే హద్దు కూడా 4 దగ్గరే ఉంది. తల చిన్నదిగా ఉండడానికీ, తోక వంకరగా ఉండడానికీ పుట్టబోయే బిడ్డ రూపంతో సంబంధం లేదు.

ఈ నాలుగు అంకెలను విడివిడిగా చూసి బాధపడటం కంటే ఒకటిగా కలిపి చూడటం మేలు. పరిమాణాన్ని సాంద్రతతో గుణిస్తే మొత్తం కణాలు వస్తాయి: 1.2ను 90 లక్షలతో గుణిస్తే ఒక కోటీ 8 లక్షలు. అందులో 14 శాతం ముందుకు సాగేవి, అంటే సుమారు 15 లక్షలు. ఇది నిజంగానే తక్కువ. అయితే ఈ 15 లక్షల్లో ఎంత ఆ మనిషి శరీరానిది, ఎంత పరీక్ష జరిగిన తీరుది అన్నది ముందు తేల్చాలి.

నమూనా ఇచ్చిన రోజు ఏం జరిగిందో చూద్దాం. ల్యాబులో ఇందుకని వేరే గది లేదు, ఉన్న గదికి గడియ సరిగ్గా పడదు. అందుకని అతను ఇంట్లోనే నమూనా తీసి, డబ్బాను బండి డిక్కీలో పెట్టుకుని బయల్దేరాడు. ఏప్రిల్ ఎండ, మధ్యలో గేటు దగ్గర ఆగడం, ల్యాబులో వరుస, అన్నీ కలిపి గంటన్నర పట్టింది. రెండోసారి పరీక్షకు వెళ్లినప్పుడు అక్కడి టెక్నీషియన్ అడిగిన మొదటి మాట ఇది: "అన్నా, పోయినసారి మొదటి చుక్కలు డబ్బాలనే పడ్డయా, బయట పోయినయా?" బయటే పోయాయి. సిగ్గుతో ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆ ప్రశ్న చాలా ముఖ్యమైనది. వీర్యం వెలువడేటప్పుడు మొదటి భాగంలోనే ఎక్కువ కణాలు ఉంటాయి. వెనుక వచ్చేది ఎక్కువగా వీర్యకోశాల ద్రవం. అందుకని మొదటి కొద్ది చుక్కలు కింద పడితే పరిమాణం కొంచెమే తగ్గినా కణాల లెక్క బాగా పడిపోతుంది. ఇక డిక్కీలో ఎండకు కాగిన డబ్బాలో కణాల కదలిక మందగిస్తుంది, కొన్ని చచ్చిపోతాయి. నమూనాను గంటలోపు, వీలైతే అరగంటలోపు ల్యాబుకు చేర్చాలి. ఎండకూ ఫ్రిజ్‌కూ దూరంగా, ఒంటికి ఆనించి చొక్కా లోపల పెట్టుకుని తేవడం సరైన పద్ధతి. మామూలు కండోమ్‌లో నమూనా పట్టకూడదు, దాని మీది పూత కణాలను చంపుతుంది. సబ్బు, నూనె కూడా వాడకూడదు.

ఎన్ని రోజులు దూరంగా ఉండి నమూనా ఇచ్చారన్నది ఇంకో విషయం. రెండు రోజులకు తగ్గకుండా, ఏడు రోజులకు మించకుండా ఉండాలి. "ఎక్కువ రోజులు ఆపుకుంటే కౌంట్ పెరుగుతుంది" అని చాలామంది నెల రోజులు ఆగి వస్తారు. లెక్క పెరిగే మాట నిజమే, కానీ అందులో పాతబడి కదలలేని కణాలూ పెరుగుతాయి, కదలిక శాతం పడిపోతుంది. మొదటిసారి అదే మనిషి పన్నెండు రోజులు ఆగి ఇచ్చాడు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ డబ్బాలో జరిగిన పొరపాట్లు. అసలు సంగతి శరీరంలో ఉంది. అది తెలియాలంటే కణం ఎన్నాళ్లకు తయారవుతుందో తెలియాలి.

వృషణంలో ఒక మూలకణం విడిపోవడం మొదలై తోక ఉన్న వీర్యకణంగా మారడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత అది వృషణం వెనుక చుట్టలు చుట్టుకుని ఉండే సన్నని గొట్టంలోకి చేరి, రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా అక్కడ ఉండి, ఈదే శక్తి సంపాదించుకుంటుంది. మొత్తం కలిపితే దాదాపు మూడు నెలలు. కాబట్టి ఏప్రిల్ చివర్లో డబ్బాలో పడ్డ కణాలు జనవరి చివర్లో తయారు కావడం మొదలైనవి. మార్చి మధ్యలో వచ్చిన టైఫాయిడ్ జ్వరం సరిగ్గా వాటి మధ్య వయసులో, అవి విడిపోతూ అత్యంత సున్నితంగా ఉన్న దశలో తగిలింది. గట్టి జ్వరం వచ్చాక కణాల లెక్క వెంటనే పడిపోదు. కొన్ని వారాల తర్వాత పడిపోతుంది, మళ్లీ మామూలు స్థాయికి రావడానికి రెండు మూడు నెలలు తీసుకుంటుంది. డెంగీ, మలేరియా, టైఫాయిడ్, కోవిడ్, ఏదైనా సరే, ఒళ్లు కాలిపోయే జ్వరం తగ్గిన ఐదారు వారాలకు చేయించుకున్న పరీక్ష ఆ జ్వరం గురించే ఎక్కువ చెబుతుంది. ల్యాబులో రాసే కాగితంలో "గత మూడు నెలల్లో జ్వరం వచ్చిందా" అన్న ప్రశ్న తప్పక ఉండాలి. లేకపోతే తామే చెప్పాలి.

జ్వరం ఎందుకు అంత పని చేస్తుంది? వృషణాలు కడుపులో కాకుండా బయట సంచిలో వేలాడటానికి కారణమే వేడి. కణాల తయారీకి శరీరపు వేడికంటే రెండు నుంచి నాలుగు డిగ్రీల సెల్సియస్ తక్కువ కావాలి. చలికి ఆ సంచి ముడుచుకుని పైకి పోతుంది, వేడికి వదులై కిందికి జారుతుంది. వృషణానికి వెళ్లే ధమని చుట్టూ సన్నని సిరల వల అల్లుకుని ఉంటుంది. పైనుంచి వచ్చే వేడి రక్తాన్ని తిరిగి వెళ్లే చల్లని రక్తం చల్లార్చి పంపుతుంది. ఇంత ఏర్పాటు ఉన్నది ఆ రెండు మూడు డిగ్రీల తేడా కోసమే.

ఈ ఏర్పాటును రోజువారీ పని ఎలా దెబ్బతీస్తుందో దక్షిణ తెలంగాణలో వెతుక్కోనక్కర్లేదు. బాయిలర్ దగ్గర నిలబడే మిల్లు కార్మికుడు, ఇటుక బట్టీ కాల్చేవాడు, బేకరీ పొయ్యి ముందు ఉండే మాస్టరు, వెల్డింగ్ చేసే కుర్రాడు, అందరూ రోజంతా వేడి ముందు ఉంటారు. బయటి గాలే మే నెలలో 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు చెమట ఆరి చల్లబడే వీలూ తగ్గుతుంది. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద లారీలు, క్యాబులు నడిపేవాళ్లది ఇంకో రకం వేడి. తొడలు దగ్గరగా పెట్టి, రెగ్జిన్ సీటు మీద గంటల తరబడి కూర్చుంటే సంచి కింద గాలి ఆడదు. ఫ్రాన్స్‌లో జరిగిన ఒక చిన్న పరిశీలనలో రెండు గంటలకు పైగా కారు నడిపిన మగవాళ్లలో అక్కడి వేడి సుమారు రెండు డిగ్రీలు పెరిగింది. ఒళ్లో పెట్టుకునే ల్యాప్‌టాప్, బిగుతు లోదుస్తుల మీద బిగుతు జీన్స్ చేసేది కూడా ఈ పనే, కాస్త తక్కువగా.

ఇక్కడ ఒక హద్దు చెప్పుకోవాలి. వేడి వల్ల కణాలు తగ్గుతాయన్నది గట్టిగా తేలిన విషయం. కానీ లెక్క బాగా ఉన్న మనిషికి అది కొంత తగ్గినా పిల్లలు కావడానికి ఇబ్బంది రాకపోవచ్చు. బట్టీ దగ్గర పనిచేసి నలుగురు పిల్లలను కన్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వేడి ఎక్కువగా దెబ్బతీసేది ఇప్పటికే అంచున ఉన్నవాళ్లను. అందుకని వేడి తగ్గించుకోవడం చేయదగ్గ పని, అదొక్కటే మందు అని నమ్మి ఏళ్లు గడపడం తప్పు.

మన మిల్లు కార్మికుడు ఏం చేశాడు? డాక్టరు ముందుగా అతన్ని నిలబెట్టి పరీక్షించింది. పడుకోబెట్టి చూస్తే ఒక ముఖ్యమైన సంగతి తెలియకుండా పోతుంది. వృషణం పైన ఉన్న సిరలు ఉబ్బి, చేతికి పురుగుల సంచిలా తగిలే వెరికోసీల్ అన్న స్థితి నిలబడ్డప్పుడు, గట్టిగా ముక్కినప్పుడు బయటపడుతుంది. మామూలు మగవాళ్లలో వంద మందిలో 15 మందికి, పిల్లలు కాని మగవాళ్లలో 35 నుంచి 40 మందికి ఇది ఉంటుంది. ఎక్కువగా ఎడమవైపే వస్తుంది. ఎడమ వృషణపు సిర మూత్రపిండపు సిరలోకి నిటారుగా వెళ్లి కలవడం, అందువల్ల రక్తం వెనక్కి నిలవడం దీనికి కారణం. రక్తం నిలిస్తే పైన చెప్పిన చల్లార్చే ఏర్పాటు పాడవుతుంది. ఇతనికి అది లేదు. ఉండి, చేతికి తగిలి, రిపోర్టూ బాగా లేకుంటే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు, దాని ఫలితం మూడు నుంచి ఆరు నెలలకు రిపోర్టులో కనపడుతుంది. కానీ చేతికి తగలకుండా డాప్లర్ స్కాన్‌లో మాత్రమే కనపడిన చిన్న వెరికోసీల్‌కు ఆపరేషన్ చేయించడం వల్ల ఉపయోగం తేలలేదు. స్కాన్ కాగితం చూపించి తొందరపెడితే ఇంకో డాక్టరును అడగడం మంచిది.

ఆమె మందులేవీ రాయలేదు. మిల్లులో మేస్త్రీతో మాట్లాడుకుని బాయిలర్ దగ్గర్నుంచి కాంటా దగ్గరికి పని మార్చుకోమంది. వేడి నీళ్ల తొట్టి స్నానం మానమంది, పనిలో వదులుగా ఉండే నూలు బట్టలు వేసుకోమంది, బీడీలు, ఖైనీ ఆపమంది. మూడు నెలల తర్వాత, మూడు రోజులు మాత్రమే దూరంగా ఉండి, ల్యాబులోనే నమూనా ఇవ్వమంది. భార్య పరీక్షలు ఈలోపు ఆపకుండా జరుగుతున్నాయి. భర్తలో లోపం కనపడితే భార్యను చూడటం ఆపేయడం, భార్యలో కనపడితే భర్తను వదిలేయడం, రెండూ కాలాన్ని వృథా చేస్తాయి.

జులై చివర్లో రెండో రిపోర్టు: పరిమాణం 2.3 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 2 కోట్ల 10 లక్షలు, ముందుకు సాగే కదలిక 34 శాతం. గుణిస్తే మొత్తం 4 కోట్ల 83 లక్షలు, వాటిలో సాగేవి కోటీ 64 లక్షలు. మొదటిసారి 15 లక్షలున్నవి దాదాపు పదకొండు రెట్లయ్యాయి.

ఇంత మార్పు చూసి "పని మార్చుకోవడం వల్లే" అని ఊళ్లో చెప్పుకోవచ్చు. నిజానికి ఎంత దేనివల్ల అన్నది విడదీయలేం. పరిమాణం పెరగడంలో చుక్కలు కింద పడకపోవడం పాత్ర కొంత ఉంది. కదలిక పెరగడంలో డిక్కీ ఎండ లేకపోవడం, పన్నెండు రోజులకు బదులు మూడు రోజులే ఆగడం కలిసి ఉన్నాయి. లెక్క పెరగడంలో మొదటి చుక్కలు డబ్బాలోనే పడటం, జ్వరం తాలూకు దెబ్బ తీరడం, వేడి తగ్గడం, బీడీ మానడం, నాలుగూ ఉన్నాయి. వీటన్నిటికీ పైన, ఏ మార్పూ లేకున్నా ఒకే మగవాడి లెక్క ఒక నమూనాకూ ఇంకో నమూనాకూ రెండింతలు తేడా రావడం మామూలే. మొదటిది బాగా తక్కువగా వస్తే రెండోది కొంత ఎక్కువగా రావడం సహజంగానే జరుగుతుంది. ఒక్క పరీక్ష మీద ఏ నిర్ణయమూ తీసుకోకుండా కనీసం రెండు చేయించమని డాక్టర్లు చెప్పడం ఇందుకే. రెండు పరీక్షల మధ్య ఒక పౌడర్ డబ్బా అమ్మినవాళ్లకు ఆ పెరుగుదల అంతా తమ పౌడర్ గొప్పే అని చెప్పుకోవడం చాలా సులువు.

పౌడర్ల మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. జింక్, ఫోలిక్ యాసిడ్ కలిపిన మాత్రలు "కౌంట్ పెంచడానికి" ప్రతి మందుల షాపులోనూ దొరుకుతాయి. అమెరికాలో 2,370 జంటల మీద జరిపి 2020లో ప్రచురించిన పరీక్షలో ఆ మాత్రలు ఆరు నెలలు వాడినవాళ్లకూ, ఉత్తుత్తి మాత్రలు వాడినవాళ్లకూ పుట్టిన పిల్లల సంఖ్యలో తేడా రాలేదు. వీర్యం నాణ్యతలోనూ మెరుగు కనపడలేదు, పైగా కడుపులో ఇబ్బందులు ఎక్కువయ్యాయి. నెలకు వేలల్లో ఖర్చు పెట్టే ముందు ఈ మాట తెలిసి ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సిన అలవాటు మాత్రం జిమ్ముల్లో ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట పట్టణాల్లో జిమ్ములు పెరిగాయి, వాటితోపాటు ఒళ్లు త్వరగా తేలడానికి ఇచ్చే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, స్టెరాయిడ్ మాత్రలు కూడా చేతులు మారుతున్నాయి. మగతనపు హార్మోన్ కాబట్టి వీర్యానికి మంచిదే అని కుర్రాళ్లు అనుకుంటారు. జరిగేది సరిగ్గా ఎదురు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రక్తంలో టెస్టోస్టిరాన్ ఎంత ఉందో చూసుకుంటూ, తక్కువైతే వృషణాలను పని చేయమని రెండు హార్మోన్లు పంపుతుంది. బయటి నుంచి సూదితో టెస్టోస్టిరాన్ పోస్తే, సరిపడా ఉందనుకుని ఆ రెండింటినీ ఆపేస్తుంది. దాంతో వృషణాల లోపల తయారయ్యే టెస్టోస్టిరాన్ పడిపోతుంది. కణాల తయారీకి కావలసింది ఆ లోపలిదే, రక్తంలో ఉన్నదానికంటే అక్కడ ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. చేతులు, ఛాతీ పెరుగుతాయి, వృషణాలు చిన్నవై మెత్తబడతాయి, కణాలు సున్నాకు చేరవచ్చు.

ఇది ఎంత కచ్చితంగా జరుగుతుందంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మగవాళ్ల కుటుంబ నియంత్రణ పద్ధతిగా పరీక్షించింది. 1990లో ప్రచురించిన ఆ పరీక్షలో వారానికి 200 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ తీసుకున్న ఆరోగ్యవంతుల్లో ఎక్కువమందికి ఆరు నెలల్లోపే కణాలు సున్నా అయ్యాయి. ఆపేశాక చాలామందికి తిరిగి వస్తాయి, కానీ ఆరు నెలల నుంచి ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. జిమ్ముల్లో వాడే మోతాదులు ఎక్కువ, రకాలు కలిపి వాడతారు కాబట్టి కాలం ఇంకా సాగవచ్చు. డాక్టరు దగ్గర ఈ మాట దాస్తే కారణం దొరకక నెలలు పోతాయి. "నీరసంగా ఉంది" అంటే టెస్టోస్టిరాన్ రాసే డాక్టర్లు కూడా ఉన్నారు. పిల్లలు కావాలనుకుంటున్న మగవాడు ఆ సంగతి ముందే చెప్పాలి.

పొగాకు కణాల లెక్కనూ, కదలికనూ తగ్గిస్తుంది. బీడీ, గుట్కా, ఖైనీ అన్నీ దానికిందకే వస్తాయి. మద్యం ఎప్పుడో కొద్దిగా తీసుకుంటే పెద్ద తేడా కనపడదు, రోజూ ఎక్కువగా తాగితే హార్మోన్లూ, కణాలూ రెండూ దెబ్బతింటాయి. పత్తి చేలలో పిచికారీ చేసేవాళ్లు ముఖానికి గుడ్డ, చేతులకు గ్లౌజులు లేకుండా కొట్టడం ఈ కోణం నుంచీ ఆలోచించాల్సినదే. 1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే నులిపురుగుల మందు తయారుచేసే ఫ్యాక్టరీలో కార్మికులకు పిల్లలు కావడం లేదని వాళ్లే ఒకరితో ఒకరు చెప్పుకోవడంతో విషయం బయటపడింది, ఆ మందు వృషణాలను నాశనం చేస్తుందని తేలింది. అన్ని పురుగుమందులూ అలా చేస్తాయని కాదు. మందు తడిసిన బట్టలతోనే ఇంటికి రావడం మానడానికి మాత్రం ఆ ఒక్క సంగతి చాలు.

పాలమూరు వైపు ఇంకో కారణం ఉంది, దాన్ని ఏ ల్యాబూ కొలవదు. ముంబయి, పుణె, బెంగళూరు పనులకు వెళ్లే మగవాళ్లు మూడు నెలలకో, ఆరు నెలలకో ఒకసారి పదిరోజులు ఇంటికి వస్తారు. పెళ్లయి మూడేళ్లంటారు, లెక్క వేస్తే కలిసి ఉన్నది నూట ఇరవై రోజులకు మించదు. స్త్రీకి నెలలో గర్భం వచ్చే అవకాశం ఉన్నది సుమారు ఆరు రోజులే: అండం విడుదలయ్యే రోజూ, దానికి ముందు ఐదు రోజులూ. వీర్యకణం ఆమె శరీరంలో ఐదు రోజుల దాకా బతకగలదు, అండం మాత్రం ఒక్క రోజే. భర్త వచ్చిన పది రోజుల్లో ఆ ఆరు రోజులు పడకపోతే ఇద్దరికీ ఏ లోపం లేకున్నా గర్భం రాదు. 28 రోజుల నెలసరి ఉన్నవాళ్లకు అండం సాధారణంగా 14వ రోజు దగ్గర విడుదలవుతుంది కాబట్టి, నెలసరి మొదలైన తొమ్మిదో రోజు నుంచి పదిహేనో రోజు దాకా ఇంట్లో ఉండేలా ప్రయాణం పెట్టుకోగలిగితే మంచిది. ఆ రోజుల్లో రోజూ కానీ, రోజు విడిచి రోజు కానీ కలిస్తే సరిపోతుంది. "ఏడాది నుంచి ప్రయత్నిస్తున్నా" అనే మాటకు అర్థం ఏడాదంతా కలిసి ఉండి, రెండు మూడు రోజులకోసారి కలవడం. వలస వెళ్లే జంటకు ఆ ఏడాదిని అలాగే లెక్కపెట్టాలి. లేదంటే లోపం లేని మనుషులకు లోపం ఉన్నట్టు పరీక్షలు మొదలవుతాయి.

కొన్నిసార్లు మాత్రం మూడు నెలలు ఆగి చూడటం సరైన పని కాదు. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే ఇద్దరూ డాక్టరును కలవాలి. రిపోర్టులో కణాలు సున్నా అని వస్తే నమూనాను యంత్రంలో తిప్పి అడుగున చూశారా అని అడగాలి, ఎందుకంటే అతి కొద్ది కణాలు మామూలుగా చూస్తే కనపడవు. నిజంగా సున్నా అయితే దారి మూసుకుపోయిందా, తయారీయే లేదా అన్నది రెండు వేర్వేరు సమస్యలు, హార్మోన్ పరీక్షలు, వృషణాల పరిమాణం చూసి వాటిని విడదీస్తారు. పరిమాణం మిల్లీలీటరు కంటే తక్కువగా ఉండి కణాలు కూడా సున్నా అయితే పుట్టుకతో వీర్యనాళాలు లేకపోవడం లాంటిది ఉండవచ్చు, అప్పుడు కూడా వృషణంలో నుంచి నేరుగా కణాలు తీసే వీలుంటుంది. వృషణంలో నొప్పి లేని గట్టి గడ్డ తగిలినా, యుక్తవయసు వచ్చాక గవదబిళ్లలతోపాటు వృషణాలు వాచిన చరిత్ర ఉన్నా, చిన్నప్పుడు వృషణం కిందికి దిగక ఆపరేషన్ అయినా మొదటి రోజే చెప్పాలి. షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో కొందరికి వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి పోవడం జరుగుతుంది, అది మూత్ర పరీక్షతో తెలుస్తుంది.

మిల్లు కార్మికుడి భార్య పరీక్షలన్నీ సాధారణంగా వచ్చాయి. రెండో రిపోర్టు తర్వాత డాక్టరు ఇంకో ఆరు నెలలు వాళ్లంతట వాళ్లే ప్రయత్నించమంది, అప్పటికీ కాకపోతే కడిగి ఏరిన కణాలను నేరుగా గర్భాశయంలోకి పంపే ఐయూఐ గురించి మాట్లాడదామంది. అతను కాంటా దగ్గరే పని చేస్తున్నాడు. ధాన్యం సీజన్‌లో మళ్లీ బాయిలర్ దగ్గరికి పిలిస్తే వెళ్లాలా అని అడిగితే, డాక్టరు క్యాలెండర్ తీసి అక్టోబర్ నుంచి మూడు నెలలు ముందుకు లెక్కపెట్టి చూపించింది.